జిప్ మీద వై.కె.కె. ఉంటే ఒరిజినలేనా?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒక నార్త్ ఫేస్ జాకెట్, ఒక కోచ్ హ్యాండ్‌బ్యాగ్ చూశాను. అమ్మేవాళ్ళు జిప్ ఫోటో పెట్టి "వై.కె.కె. అని ఉంది చూడండి సార్, ఒరిజినలే" అంటున్నారు. జిప్ చూసి అసలుదో నకిలీదో చెప్పొచ్చా? చెప్పగలిగితే ఏమేం చూడాలి?

సమాధానం:

ఆ ఒక్క ఫోటోతో చెప్పలేం. జిప్ చూసి "ఇది నకిలీ" అని చాలాసార్లు తేల్చొచ్చు గానీ, "ఇది అసలుదే" అని ఎప్పుడూ తేల్చలేం. పైగా అందరూ పళ్ళ మీద నడిచే రన్నర్ మీద అక్షరాలు చూస్తారు. నేను పళ్ళు అతికి ఉండే గుడ్డ పట్టీని, అంటే టేప్‌ని చూస్తాను. రన్నర్‌ని అయిదు నిమిషాల్లో మార్చేయొచ్చు, టేప్ మార్చాలంటే కుట్టంతా విప్పాలి. అందుకే అబద్ధం చెప్పడం రన్నర్‌కి తేలిక, టేప్‌కి కష్టం.

నేను తొమ్మిదేళ్ళు బెంగళూరులో ఒక ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ ఫ్యాక్టరీలో ట్రిమ్స్ చెకింగ్ చేశాను. జిప్పులు, బటన్లు, లేబుళ్ళు పెట్టెల్లో వస్తే విప్పి చూసి పాస్ చేయడమో, వెనక్కి పంపడమో నా పని. తర్వాత సికింద్రాబాద్‌లో బ్యాగులు, జాకెట్లు రిపేర్ చేసే షాపు పెట్టుకున్నాను. రోజుకి నాలుగైదు జిప్పులైనా విప్పుతాను.

ముందు ఆ వై.కె.కె. సంగతి. అది జపాన్ కంపెనీ. యోషిదా తదావో అనే ఆయన 1934లో టోక్యోలో మొదలుపెట్టారు. "యోషిదా కోగ్యో కబుషికిగైషా" అన్న పేరులోని మొదటి అక్షరాలే ఆ మూడూ. మన దేశంలో కూడా హరియాణాలోని బావల్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళు జిప్పు అమ్ముతారు, బ్యాగు కాదు. మామూలు స్కూల్ బ్యాగు చేసేవాడు కూడా డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, నకిలీ చేసేవాడూ కొనుక్కోవచ్చు. కాబట్టి రన్నర్ మీద అక్షరాలు నిజంగా వై.కె.కె.వే అయినా, తెలిసేది జిప్ ఎవరిదన్న సంగతి ఒక్కటే. బ్యాగ్ ఎవరిదో తెలియదు.

దీన్ని తిరగేసి కూడా చూడాలి. వై.కె.కె. లేకపోతే నకిలీ అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. షాపు పెట్టిన కొత్తలో ఒకావిడ తోలు బ్యాగు తెచ్చారు. రన్నర్ వెనక "లాంపో" అని ఉంది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. "ఎవరో లోకల్ వాళ్ళ జిప్పమ్మా, బ్యాగు మీద ఆశ పెట్టుకోకండి" అనేశాను. లాంపో ఇటలీ వాళ్ళ పాత జిప్ కంపెనీ, ఖరీదైన బ్యాగుల్లో వాళ్ళ జిప్ ఉండటం మామూలే అని ఆ తర్వాత తెలిసింది. స్విట్జర్లాండ్ కంపెనీ రిరీ కూడా అంతే. ఆవిడకి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. అప్పటినుంచి తెలియని పేరు కనిపిస్తే, అది నాకు తెలియని పేరు అనే చెప్తాను, అంతకంటే ఇంకేం చెప్పను.

మొదట పుల్లర్, త్వరగా చూసి వదిలేయండి. వేలితో పట్టుకుని లాగే ఆ ముక్క మీద బ్రాండ్ లోగో ఉంటుంది కాబట్టి అందరి కళ్ళూ అక్కడికే పోతాయి. నకిలీ చేసేవాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఎక్కువ శ్రద్ధ కూడా అక్కడే పెడతాడు. లోగో అచ్చు బాగుందంటే పెద్దగా అర్థం లేదు. లోగో వంకరగా ఉన్నా, అక్షరాల మధ్య దూరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా మాత్రం అక్కడే ఆగిపోవచ్చు. కొందరు అయస్కాంతం పెట్టి చూస్తారు, "అంటుకుంది సార్, ఇనుము, నకిలీ" అంటారు. లాక్ అయ్యే రన్నర్లలో లోపల చిన్న స్ప్రింగ్ ఉంటుంది, అది స్టీలైతే అసలు రన్నర్ కూడా అయస్కాంతానికి కొంచెం లాగుతుంది. ఆ పరీక్షను నేనైతే లెక్కలోకి తీసుకోను.

రన్నర్‌ని పక్కనుంచి లైటు వేసి చూడండి. నేను చేసేది ఇది: బ్యాగుని టేబుల్ మీద పెట్టి, ఫోన్ టార్చ్‌ని పైనుంచి కాకుండా దాదాపు టేబుల్‌కి ఆనించి, పక్కనుంచి వేస్తాను. అప్పుడు చెక్కిన అక్షరాల అంచుల్లో నీడ పడుతుంది. రన్నర్ ఎక్కువగా జింక్ మిశ్రమాన్ని అచ్చులో పోసి చేస్తారు, అక్షరాలు కూడా ఆ అచ్చులోనే వస్తాయి. ఆ తర్వాత పైన పూత వేస్తారు. అచ్చు మంచిదై పూత పలచగా, సమంగా ఉంటే 'కె' అక్షరం చేతులు కలిసే మూల వాడిగా కనిపిస్తుంది. అరిగిపోయిన అచ్చులో పోసినా, రన్నర్‌నే నమూనాగా పెట్టి అచ్చు తీసినా, ఆ మూల సబ్బు మీద గీసినట్టు గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. మూడక్షరాల లోతు కూడా ఒకటిగా ఉండదు. ఒక 'కె' లోతుగా, ఇంకో 'కె' పైపైన ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

తర్వాత రన్నర్‌ని పక్కకి తిప్పి, దాని అంచు మీద గోరు పెట్టి నడపండి. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నటి గీత రావడం సహజం. మంచి తయారీలో దాన్ని సాన పెట్టి తీసేస్తారు. చౌక రన్నర్‌లో అది గోటికి కోసుకుపోయేలా తగులుతుంది. ఇంకో చిన్న పని, రన్నర్‌ని తిరగేసి వెనక చూడండి. సైజు అంకె, జిప్ రకాన్ని చెప్పే అక్షరాలు చాలావాటిలో అక్కడ ఉంటాయి. ఉదాహరణకి వై.కె.కె. రన్నర్ వెనక 5 పక్కన "వి.ఎస్." ఉంటే అది ప్లాస్టిక్ పళ్ళ జిప్‌కి చేసిన అయిదో సైజు రన్నర్. ఆ రకానికి వాళ్ళు పెట్టిన పేరు విస్లాన్. అంకె ఎంత పెద్దదైతే పళ్ళ వరస అంత వెడల్పు. రన్నర్ వెనక ఉన్నదీ, అది నడుస్తున్న పళ్ళూ ఒక రకానివి కాకపోతే ఆ రెండూ కలిసి ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి కావు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రన్నరూ పళ్ళూ ఒకే కంపెనీవి అయితేనే బాగా నడుస్తాయి. సైజు అంకె రెండింటికీ అయిదే అయినా, ఒక కంపెనీ అయిదుకీ ఇంకో కంపెనీ అయిదుకీ లోపలి ఖాళీలో తేడా ఉంటుంది. నకిలీ చేసేవాళ్ళలో చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి పళ్ళున్న టేప్ చౌక రోల్ తీసుకుని, కనిపించే రన్నర్ ఒక్కటీ మంచిది వేస్తారు. మన బేగం బజార్‌లో రోల్ మీటర్ లెక్కన దొరుకుతుంది, రన్నర్లు వేరేగా దొరుకుతాయి. ఇలా జతచేసింది ఎలా తెలుస్తుందంటే, జిప్ సగం మూసి రన్నర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎడమకీ కుడికీ ఊపండి. కొంచెం కదలిక మామూలే. వదులుగా టకటకమంటూ ఊగుతుంటే, ముఖ్యంగా కొత్త వస్తువులో, అనుమానించండి. ఈ వదులే కొన్ని నెలల తర్వాత "జిప్ వేస్తున్నా వెనకాల విడిపోతోంది" అన్న ఫిర్యాదై నా షాపుకొస్తుంది.

ఇక టేప్. పళ్ళను పట్టుకుని ఉండే ఆ గుడ్డ పట్టీ. దీన్ని బయటినుంచి కాకుండా లైనింగ్ తిప్పి లోపలినుంచి చూడండి. అక్కడ ఎవరూ పాలిష్ చేయరు, ఎవరూ లోగో వేయరు.

టేప్‌ని సన్నటి పట్టీలు నేసే మగ్గం మీద నేస్తారు, ఇప్పుడు ఎక్కువగా పాలిస్టర్‌తోనే. దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలో, చేప ముల్లులా అటు ఇటు వంగే గీతలో కనిపిస్తాయి. నేత ఏదైనా ఫరవాలేదు. చూడాల్సింది ఆ గీతలు ఈ కొసనుంచి ఆ కొసవరకూ ఒకే దూరంలో పోతున్నాయా లేదా అన్నది. ఫ్యాక్టరీలో మేము టేప్‌ని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసేవాళ్ళం. గట్టి నేత ఉన్న టేప్‌లోంచి వెలుతురు సమంగా, మసగ్గా వస్తుంది. లూజు నేతలో చుక్కలు చుక్కలుగా, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వస్తుంది. కుట్టిన బ్యాగులో అలా పెట్టలేరు కాబట్టి జిప్ పూర్తిగా తెరిచి, టేప్ ఒక వైపు వెనక టార్చ్ పెట్టండి, చాలు.

తర్వాత పళ్ళు టేప్‌కి ఎలా అతుక్కున్నాయో చూడండి. లోహపు పళ్ళ జిప్‌లో టేప్ లోపలి అంచున తాడులాంటి లావు అంచు నేస్తారు, ఒక్కో పన్నూ ఆ తాడుని కరిచి పట్టుకుంటుంది. పళ్ళ మధ్య దూరం సమంగా, అన్నీ ఒకే కోణంలో ఉండాలి. చౌకవాటిలో ఒకటీ అరా పక్కకి వాలి ఉంటాయి, వేలు నడిపితే గీసుకుంటాయి. చుట్ట జిప్‌లో, అంటే నైలాన్ తీగని స్ప్రింగులా చుట్టి వేసే రకంలో, ఆ చుట్టని టేప్‌కి రెండు వరసల దారంతో కుడతారు, చుట్ట లోపల నుంచి ఒక తాడు పోతుంది. జిప్‌ని తెరిచి వెనక వైపు చూస్తే ఆ కుట్టు వరసలు కనిపిస్తాయి. అవి రైలు పట్టాల్లా పోవాలి. ఒకచోట చుట్ట మీదకి ఎక్కి, ఇంకోచోట పక్కకి దిగి, మధ్యలో ఒక కుట్టు దాటిపోయి ఉంటే, ఖరీదైన బ్రాండ్ ఫ్యాక్టరీ గేటు దగ్గరే మాలాంటివాడెవడో దాన్ని వెనక్కి పంపి ఉండేవాడు.

జాకెట్‌కైతే ఇంకో చోటు ఉంది. ముందు జిప్ కింది కొస, పిన్ను పెట్టెలోకి దూర్చే చోట, టేప్ మీద గట్టి పలచటి ఫిల్మ్ అతికించి ఉంటుంది. రోజూ లాగడం, దూర్చడంతో టేప్ కొస పీచు లేవకుండా అది కాపాడుతుంది. నకిలీ జాకెట్లలో ముందుగా చచ్చేది ఆ చోటే. ఫిల్మ్ గోటితో లేస్తుంది, లోపల దారాలు కుచ్చులా బయటికొస్తాయి. పదేళ్ళు వాడిన అసలు జాకెట్‌లోనూ లేవొచ్చు. అందుకే వస్తువు ఎంత పాతదో అడిగి, దాంతో పోల్చి చూడండి.

రంగు కూడా టేపే చెప్తుంది. తెల్ల గుడ్డ తడిపి, లోపలి వైపు టేప్‌ని పది పన్నెండు సార్లు గట్టిగా రుద్దండి. ముదురు రంగు టేప్ కాస్త వెలిసినా అర్థం చేసుకోవచ్చు గానీ, గుడ్డ మీద స్పష్టంగా రంగు దిగితే అది సరైన అద్దకం కాదు. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటేనే చేయండి, లేత రంగు తోలు పక్కన అస్సలు చేయకండి.

టేప్ అలలు అలలుగా ఉందని మాత్రం వెంటనే నకిలీ అనేయొద్దు. టేపూ గుడ్డా ఉతికినప్పుడు వేర్వేరుగా ముడుచుకుంటే అలలొస్తాయి, నిజమే. మేము యాభై సెంటీమీటర్లు గుర్తు పెట్టి, ఉతికి, ఆరబెట్టి మళ్ళీ కొలిచేవాళ్ళం. ఒక సెంటీమీటర్ కంటే ఎక్కువ తగ్గితే ఆ లాట్ వెనక్కే. కానీ కుట్టే అమ్మాయి గుడ్డని కాస్త ఎక్కువ లాగి కుట్టినా అలలే వస్తాయి. అసలు బ్రాండుల్లోనూ వస్తాయి.

చివరగా సూది రంధ్రాలు. నేను ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడే. టేప్ అంచున ఇప్పుడున్న కుట్టు పక్కన ఖాళీ రంధ్రాల వరస ఇంకొకటి కనిపిస్తే, ఎవరో ఒకసారి జిప్ విప్పి మళ్ళీ కుట్టారన్నమాట. తోలులో ఈ రంధ్రాలు మూసుకోవు, ఎన్నేళ్ళయినా ఉంటాయి. గుడ్డలో ఉతికాక కొంత మాయమవుతాయి. రంధ్రాలున్నాయంటే వస్తువు నకిలీ అని కాదు, ఆ జిప్ ఇప్పుడు సాక్ష్యానికి పనికిరాదని అర్థం.

మొన్న చలికాలంలో వచ్చిన రెండు కేసులు చెప్తాను.

మొదటిది ఒక జాకెట్. కుర్రాడు ఇంటర్నెట్‌లో కొన్నాడు, పేరున్న అమెరికన్ బ్రాండ్, లోపల ఈకల దూది. రన్నర్ చూశాను, పక్కనుంచి లైటు వేశాను. అక్షరాలు చక్కగా ఉన్నాయి, వెనక సైజు, రకం అన్నీ పళ్ళకి సరిపోయాయి. నా అంచనా ఆ రన్నర్ అసలుదే. సగం మూసి ఊపితే మాత్రం వదులుగా ఊగింది. పళ్ళని దగ్గరగా చూస్తే కొన్నిటి అంచుల్లో సన్నటి ప్లాస్టిక్ పొర మిగిలి ఉంది, అచ్చు సరిగ్గా మూసుకోకపోతే అలా వస్తుంది. లైనింగ్ తిప్పి టేప్ చూస్తే నేత గీతలు మెడ దగ్గర దగ్గరగా, నడుము దగ్గర దూరంగా ఉన్నాయి. తడిగుడ్డకి నల్లరంగు దిగింది. కింది కొసన ఫిల్మ్ అప్పటికే లేచిపోయింది, కుర్రాడు వాడింది రెండు వారాలే. రెండో వరస రంధ్రాలు ఎక్కడా లేవు, కాబట్టి ఎవరూ జిప్ మార్చలేదు, పుట్టినప్పటినుంచీ అదే జిప్. అంటే చౌక రోల్‌కి అసలు రన్నర్ తగిలించి చేసిన జాకెట్. నకిలీ అని రాసిచ్చాను.

రెండోది బ్యాగు. ఒకమ్మాయికి అమెరికాలో ఉండే అక్క ఇచ్చింది. దాని రన్నర్ మీద ఏ పేరూ లేదు, పూత పొలుసులుగా ఊడుతోంది, పుల్లర్ కూడా బ్రాండ్‌ది కాదు. ఎవరో చూసి "డూప్లికేట్" అన్నారట, అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. లోపల చూస్తే టేప్ నేత ఒక్క చోట కూడా తప్పలేదు, పళ్ళు వరసగా, మెరుపు సమంగా ఉన్నాయి, కుట్టు ఒకటే వరస. కానీ జిప్ కొసన ఉండే లోహపు స్టాపర్ మీద పటకారు నొక్కిన గీతలున్నాయి. ఎవరో దాన్ని తెరిచి, పాత రన్నర్ తీసేసి, కొత్తది ఎక్కించి, మళ్ళీ నొక్కారు. లోపలి చిన్న అరకి ఉన్న జిప్ మాత్రం ముట్టుకోనిది. దాని రన్నర్, పెద్ద జిప్ టేప్, పళ్ళు అన్నీ ఒకే తరహా పనితనం. అక్కకి ఫోన్ చేసి అడిగితే, రెండేళ్ళ కిందట అక్కడ చెప్పులు కుట్టే షాపులో రన్నర్ వేయించానని చెప్పింది. జిప్ వైపు నుంచి నాకు అనుమానం లేదన్నాను. మిగతావి, అంటే తోలు, లేబుల్, సీరియల్ నంబర్, వేరే చూపించుకోమన్నాను, అవి నా పని కాదు.

ఈ పద్ధతి పనిచేయని చోటు ఒకటి ఉంది. పెద్ద ఖర్చు పెట్టి చేసే నకిలీల్లో జిప్ మొత్తం, టేప్‌తో సహా, అసలు కంపెనీదే వేస్తారు. అక్కడ పైన చెప్పినవన్నీ పాస్ అయిపోతాయి. అలాంటప్పుడు జిప్ పక్కన పెట్టి కుట్టు సాంద్రత, తోలు అంచులు, లేబుల్ చూడటమే.

పాత జాకెట్లు కొనే సరదా మీకుంటే ఇంకో మాట. టాలన్ అనే అమెరికన్ కంపెనీ పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో ఉండేది, కంపెనీకి ఆ పేరు 1937లో వచ్చింది, అంతకుముందు కంపెనీ పేరు హుక్‌లెస్ ఫాస్టెనర్. 1930లలో కుట్టిన అమెరికన్ తోలు జాకెట్ అని చెప్పి అందులో వై.కె.కె. జిప్, పాలిస్టర్ టేప్ ఉంటే, జిప్ తర్వాత మార్చి ఉండాలి, లేదా కథ అబద్ధం కావాలి. ఆ కాలానికి నూలు టేప్ ఉండాలి. టేప్ కొసనుంచి ఊడిన ఒక్క పీచు తీసి కాలిస్తే తెలిసిపోతుంది, నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. సొంత వస్తువు మీదైతేనే చేయండి.

మీరు ఆ ఇద్దరు అమ్మేవాళ్ళనీ నాలుగు ఫోటోలు అడగండి. రన్నర్ వెనక వైపు, పక్కనుంచి లైటు వేసి. లైనింగ్ తిప్పి లోపలినుంచి టేప్, ఓ జానెడు పొడవు కనిపించేలా. జాకెట్‌కైతే కింది కొసన పిన్నూ పెట్టె, బ్యాగుకైతే లోపలి అర జిప్. నాలుగోది, రన్నర్ జిప్ సగంలో ఉండగా రెండు వైపులా పళ్ళు. పంపితే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. రన్నర్ ముందు వైపు ఫోటోనే మళ్ళీ మళ్ళీ పంపుతుంటే, ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.